విష్ణుక్రాంత స్కాన్‌లో కాగితం తీసేటప్పుడు సన్నని కాడలు తెగకుండా

ప్రశ్న: వినాయక చవితి పత్రి మీద ఒక ఫలకం తయారుచేస్తున్నాను. ఆరబెట్టి షీటుకు అంటించిన విష్ణుక్రాంత మొక్కను 300 డీపీఐలో జేపెగ్‌గా స్కాన్ చేశాను. జింప్‌లో Fuzzy Select తో కాగితాన్ని ఎంచుకుని తీసేస్తే ఆకులు బాగానే వస్తున్నాయి కానీ పూల కాడలు ముక్కలుగా తెగిపోతున్నాయి. Threshold తగ్గిస్తే కాడల చుట్టూ పసుపు అంచు మిగులుతోంది. బొమ్మను ముదురు ఆకుపచ్చ మీద పెట్టాలి. ఏం చేయాలి?

జవాబు:

ముందు ఆ పూకాడ మందం కొలిచి చూడండి. విష్ణుక్రాంత పూకాడ నూలు పోగులా ఉంటుంది. నా దగ్గరున్న నమూనాలో అది సుమారు 0.2 మిల్లీమీటర్లు. 300 డీపీఐలో ఒక మిల్లీమీటరుకు 12 పిక్సెళ్లు కూడా పూర్తిగా రావు కాబట్టి కాడ మొత్తం వెడల్పు రెండు పిక్సెళ్లకు కాస్త ఎక్కువ. ఆ రెండింటిలో పూర్తిగా కాడ మీదే పడే పిక్సెల్ ఒక్కటి కూడా ఉండకపోవచ్చు. ప్రతి పిక్సెల్‌లోనూ కొంత కాడ రంగు, కొంత కాగితం రంగు కలిసి ఉంటాయి. Fuzzy Select మాత్రం ఒక్కో పిక్సెల్‌ను ‘ఇది కాగితమా, కాదా’ అని తేల్చేస్తుంది. సగం కాగితమైన పిక్సెల్‌ను కాగితమంటే కాడ తెగుతుంది, మొక్క అంటే పసుపు అంచు మిగులుతుంది. మీరు చూస్తున్న రెండు తప్పులూ ఒక్కచోటి నుంచే పుడుతున్నాయి. Threshold ను ఎంత జరిపినా ఒక తప్పు తగ్గి రెండోది పెరుగుతుందే తప్ప రెండూ కలిసి పోవు.

అందుకని కాగితాన్ని ఎంచుకునే ప్రయత్నం మానేయండి. కాగితాన్ని ముందు అంతటా ఒకే తెలుపుకు తెచ్చి, ఆ తెలుపు ఏ పిక్సెల్‌లో ఎంత పాలు కలిసిందో అంత పాలు తీసేయాలి. ఆ తర్వాత మిగిలే మచ్చలనూ కాగితపు పీచునూ మొక్కకు అతుక్కుని ఉన్నాయా లేదా అన్నది చూసి తుడవాలి. ఈ పనులు జింప్ 2.10లో ఉన్న పనిముట్లతోనే అవుతాయి.

అయితే స్కాన్ మళ్లీ చేయక తప్పదు. 600 డీపీఐలో అదే కాడ అయిదు పిక్సెళ్ల దాకా వస్తుంది. అప్పుడు మధ్యలో రెండు మూడు పిక్సెళ్లయినా అసలైన కాడ రంగుతో ఉంటాయి, పద్ధతికి పట్టు దొరుకుతుంది. లండన్ క్యూ ఉద్యానవనంలో హెర్బేరియం షీట్ల కోసం రూపొందించిన హెర్బ్‌స్కాన్ అనే ఏర్పాటులో కూడా 600 డీపీఐలోనే స్కాన్ చేస్తారు. అందులో స్కానర్‌ను తలకిందులుగా బిగించి, షీటును కింది నుంచి అద్దం దాకా లేపుతారు. షీటును బోర్లా తిప్పితే ఎండిన ముక్కలు రాలిపోతాయని ఆ జాగ్రత్త. మన ఇళ్లలోని స్కానర్‌తో షీటును బోర్లించక తప్పదు కాబట్టి ముందే ఊడిపోయేలా ఉన్న ఆకులను ఒక చుక్క జిగురుతో నిలబెట్టండి.

స్కాన్‌ను 16 బిట్ల టిఫ్‌గా దాచండి. జేపెగ్ సాధారణంగా రంగుల వివరాన్ని వెలుగు వివరం కంటే ముతకగా దాస్తుంది, దాంతో కాడ రంగు పక్కనున్న కాగితంలోకి, కాగితం రంగు కాడలోకి పాకుతాయి. ఒకసారి అలా కలిసిన రంగును విడదీయడం ఎవరి వల్లా కాదు. స్కానర్ ప్రోగ్రాంలో పదును పెంచే సదుపాయం, నేపథ్యాన్ని తెల్లబరిచే సదుపాయం ఉంటే రెండూ ఆపేయండి. పదును పెంచితే ప్రతి కాడ పక్కనా కాగితం కంటే తెల్లటి గీత పుడుతుంది. కాగితం వెలుగు 255కు తగలకుండా 235, 245 మధ్య ఉండేలా చూసుకోండి. తగిలితే కాగితపు అసలు రంగు ఎంతో తెలుసుకునే వీలు పోతుంది.

నీడ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, చాలామంది దాన్ని కాగితపు అంచు అనుకుని పొరబడతారు. సీసీడీ రకం స్కానర్‌లో దీపం అడ్డంగా ఉన్న కడ్డీలా ఉండి, ఒక పక్క నుంచి వెలుగు వేస్తూ జరుగుతుంది. దీపపు కడ్డీకి సమాంతరంగా పడుకున్న కాడ కాగితం నుంచి కొంచెం లేచి ఉన్నా ఒక పక్కన బూడిద రంగు నీడ పడుతుంది. దీపం జరిగే దిశలోనే సాగే కాడకు ఆ నీడ దాదాపు ఉండదు. విష్ణుక్రాంత కొమ్మలు నేల మీద పరుచుకున్నట్టు చాలావరకు ఒకే వైపు సాగుతాయి కాబట్టి, ఆ వైపు దీపం జరిగే దిశకు కలిసేలా షీటును అమర్చండి. అన్ని కాడలకూ ఒకే పక్కన మసక కనిపిస్తే అది నీడ. రెండు పక్కలా సమానంగా ఉంటే అది కాగితపు రంగు. సన్నగా ఉండే సీఐఎస్ రకం స్కానర్‌లో ఇబ్బంది వేరు. అద్దాన్ని తాకని కాడ అలికినట్టు మసకగా వస్తుంది. అలాంటప్పుడు షీటు వెనుక మెత్తని స్పాంజి పలక వేసి, మూత మీద సమంగా బరువు పెట్టాలి.

ఇక కాగితం. ఇక్కడ ఓపిక పడితే తర్వాతి పని సగానికి తగ్గుతుంది. పైకి ఒకే రంగుగా కనిపించే షీటు ఒక మూల తెల్లగా, ఒక మూల పసుపుగా, జిగురు రాసిన చోట ఇంకొకలా ఉంటుంది. దీన్ని సరిచేయడానికి కాగితపు సొంత రంగుతోనే స్కాన్‌ను భాగించాలి. అదే కట్టలోని ఖాళీ షీటు దొరికితే దాన్నీ అదే అమరికలతో స్కాన్ చేసి, మొక్క లేయర్ పైన పెట్టి, Gaussian Blur 40తో మసకబార్చి, ఆ లేయర్ మోడ్‌ను Divide చేయండి. దొరక్కపోతే మొక్క లేయర్‌కే నకలు తీసి, దాని మీద Filters > Blur > Median Blur వేయండి. వ్యాసార్ధం 150, Percentile 80. ఇది ప్రతి చోటా చుట్టుపక్కల పిక్సెళ్లను వెలుగు వరుసలో నిలబెట్టి, తెల్లగా ఉన్న వైపు నుంచి ఒకదాన్ని ఎంచుకుంటుంది. విష్ణుక్రాంత ఆకు వెడల్పు సెంటీమీటరు లోపే కాబట్టి, రెండు వైపులా 150 చొప్పున 300 పిక్సెళ్ల గడిలో మామూలుగా ఎక్కడో ఒకచోట కాగితం ఉంటుంది, ఆ కాగితం రంగే పైకి వస్తుంది. పెద్ద స్కాన్ మీద ఇది నెమ్మదిగా నడుస్తుంది, మధ్యలో ఆపేయకండి. అయ్యాక ఆ నకలును ఒకసారి విడిగా చూడండి. మొక్క ఆనవాళ్లు లేకుండా ఉత్త కాగితం మాత్రమే కనిపించాలి. ఆకులు గుబురుగా ఉన్న చోట ముదురు మచ్చ మిగిలితే వ్యాసార్ధం పెంచండి. అప్పుడు మోడ్‌ను Divide చేసి, Layer > New from Visible తో ఫలితాన్ని కొత్త లేయర్‌గా తీసుకోండి. కాగితం ఇప్పుడు అంతటా తెల్లగా ఉంటుంది. నేను దీన్ని ‘సమం చేసిన లేయర్’ అంటాను, దీనికి ఒక నకలు పక్కన దాచండి.

భాగించడంతో ఇంకో మేలూ ఉంది. పాత కాగితం పసుపు, ఎండిన కాడ పసుపు కలిసిన గోధుమ రంగు, అందుకే కంటికి రెండూ దగ్గరగా కనిపిస్తాయి. కాగితం తెల్లబడ్డాక ఆ పసుపు కాడలో మాత్రమే మిగులుతుంది. నీలం చానెల్‌ను విడిగా చూస్తే ఇంతకుముందు కనీకనబడని కాడ స్పష్టంగా నల్లగా కనిపిస్తుంది. ఇప్పుడు వేయబోయే Color to Alpha ఏ చానెల్‌లో తేడా ఎక్కువో ఆ చానెల్‌నే లెక్కలోకి తీసుకుంటుంది కాబట్టి ఈ లాభం దానంతట అదే అందుతుంది.

సమం చేసిన లేయర్ మీద Colors > Color to Alpha తెరవండి. రంగుగా తెలుపును ఇవ్వండి. కింద రెండు అంకెలుంటాయి, మొత్తం ఫలితం వాటి మీదే ఆధారపడుతుంది. Transparency threshold అంటే ఇంతకంటే తక్కువ తేడా ఉన్నది పూర్తిగా కాగితం. Opacity threshold అంటే ఇంతకంటే ఎక్కువ తేడా ఉన్నది పూర్తిగా మొక్క. ఈ రెండింటి మధ్య ఉన్న పిక్సెళ్లు వాటి పాలును బట్టి పాక్షికంగా పారదర్శకం అవుతాయి, వాటిలో కలిసిన తెలుపు కూడా తీసివేయబడి అసలు మొక్క రంగు మిగులుతుంది. మీ పసుపు అంచు పోయేది ఈ అడుగులోనే.

ఆ అంకెలను ఊహించకండి, కొలవండి. Color Picker తో సమం చేసిన లేయర్‌లో కాగితం మీద ఓ పది చోట్ల నొక్కి, ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటిలో అన్నిటికంటే తక్కువ విలువ చూడండి. నా నమూనాలో కాగితం 243 కంటే కిందికి రాలేదు. 255లో అది 12 తేడా, అంటే 0.05. అందుకే Transparency threshold 0.05 పెట్టాను. తర్వాత అన్నిటికంటే సన్నని పూకాడను బాగా పెద్దది చేసి, దాని నడిమి పిక్సెళ్లను కొలిచాను. నీలం విలువ 160, 170 మధ్య వచ్చింది. తేడా 85 నుంచి 95 దాకా, అంటే 0.33 నుంచి 0.37. Opacity threshold 0.33 పెట్టాను. ఇక్కడ ఆకును కొలిస్తే పొరపాటవుతుంది. ఆకు చాలా ముదురు, దాని తేడా 0.6 దాకా పోతుంది. ఆ అంకె పెడితే ఆకు గట్టిగా నిలిచి, కాడ నడిమి భాగం కూడా సగం పారదర్శకమై, మీ ముదురు ఆకుపచ్చ మీద కాడ మాయమవుతుంది. కొలత ఎప్పుడూ అన్నిటికంటే బలహీనమైన కాడ నుంచే తీసుకోవాలి.

ఇప్పుడు మచ్చలు. కాగితపు పీచు, దుమ్ము, రాలిన పుప్పొడి అక్కడక్కడా మిగిలే ఉంటాయి. వీటిని పోగొట్టడానికి సెలక్షన్‌ను Shrink చేసి మళ్లీ Grow చేయమని ఎవరైనా చెబితే వినకండి. రెండు పిక్సెళ్లు Shrink చేస్తే నాలుగు పిక్సెళ్ల వెడల్పున్నది ఏదైనా అంతరిస్తుంది, అది మచ్చయినా పూకాడయినా సరే. మళ్లీ Grow చేసినా లేనిది తిరిగి రాదు. మచ్చకూ కాడకూ తేడా మందంలో లేదు. కాడ ఎంత సన్నదైనా కొమ్మకు అతుక్కుని ఉంటుంది, మచ్చ ఒంటరిగా ఉంటుంది.

ఆ తేడాను ఇలా వాడుకోవచ్చు. లేయర్ మీద కుడి మీట నొక్కి Add Layer Mask లో Transfer layer's alpha channel ఎంచుకోండి. పారదర్శకత అంతా నలుపు తెలుపుల మాస్క్‌గా మారుతుంది, మొక్క తెలుపు, కాగితం నలుపు. మాస్క్ మొత్తాన్ని కాపీ చేసి వేరే లేయర్‌గా అతికించి, దాని మీద Colors > Threshold వేయండి. కింది హద్దును బాగా తక్కువ పెట్టాలి, నేను 255లో 20 దగ్గర, అంకెలు 0 నుంచి 1 దాకా ఉంటే 0.08 దగ్గర పెడతాను. కాడలన్నీ ఎడతెగకుండా తెల్లగా కనిపించేదాకా తగ్గించండి, మచ్చలు ఎన్ని పైకి వచ్చినా పట్టించుకోకండి. ఇప్పుడు Fuzzy Select తీసుకుని, Antialiasing ఆపి, Diagonal neighbors ను తప్పకుండా ఆన్ చేయండి. వంకరగా సాగే సన్నని కాడలో పిక్సెళ్లు మూలకు మూల మాత్రమే తాకుతాయి. ఈ సదుపాయం ఆపి ఉంటే అక్కడ కాడ తెగినట్టే లెక్క. మొక్క మీద ఒక్కసారి నొక్కితే దానికి అతుక్కున్నదంతా సెలక్షన్‌లోకి వస్తుంది, మచ్చలు బయటే ఉండిపోతాయి. షీటుకు కుట్టిన దారం కిందనో, అంటించిన పట్టీ కిందనో తెగి అవతల కనిపించే కొమ్మలను షిఫ్ట్ పట్టుకుని ఒక్కొక్కటే కలపండి. నా నమూనాలో అలాంటివి ఏడు వచ్చాయి, రాలి విడిగా పడిన ఆకు ఒకటి.

తర్వాత Select > Grow లో 2 పిక్సెళ్లు ఇచ్చి, Select > Invert చేసి, ఆ కొత్త లేయర్‌ను కనబడకుండా చేసి, అసలు మాస్క్ మీదికి వెళ్లి సెలక్షన్‌ను నలుపుతో నింపండి. మచ్చలన్నీ ఒక్క దెబ్బతో పోతాయి. మొక్క అంచుల్లోని మెత్తని బూడిద ఛాయలు చెక్కుచెదరవు, ఎందుకంటే Threshold వేసిన బొమ్మ ఎక్కడ తుడవాలో చెప్పడానికే తప్ప అంచు గీయడానికి వాడలేదు. ఆ రెండు పిక్సెళ్ల Grow కూడా ఇందుకే. అది లేకపోతే అంచులోని అతి పలుచని ఛాయ కూడా కోతకు గురవుతుంది.

ఇంతవరకు వచ్చాక మొక్క కింద ముదురు మెజెంటా రంగు లేయర్ ఒకటి వేసి చూడండి. మొక్కలో ఎక్కడా లేని రంగు కాబట్టి లోపాలన్నీ అరిచినట్టు కనిపిస్తాయి. విష్ణుక్రాంతలో రెండు చోట్ల తప్పకుండా కనిపిస్తాయి. ఒకటి ఆకులు. వాటి మీది పట్టులాంటి నూగు వెలుగును తిప్పికొట్టి కొన్ని చోట్ల ఆకును లేతగా చూపిస్తుంది, అక్కడ మెజెంటా తొంగిచూస్తుంది. రెండోది పూలు. తాజాగా నీలంగా ఉండే పువ్వు ఎండాక చాలాసార్లు కాగితంలా వెలిసిపోతుంది. దాని తేడా 0.05 కంటే తక్కువైతే ఏ చానెల్‌లోనూ అది కాగితం నుంచి విడిపడదు. Transparency threshold తగ్గించి పువ్వును కాపాడాలని చూస్తే కాగితమంతా తిరిగి వస్తుంది. ఇక్కడ చేత్తో చేయడమే సరైన దారి. ఇందాక దాచిన సమం చేసిన లేయర్ నకలును మొక్క లేయర్‌కు కింద, మెజెంటాకు పైన పెట్టి, దానికి పూర్తి నల్లని మాస్క్ తగిలించండి. ఆకుల లోపలి భాగాలను అంచుకు రెండు మూడు పిక్సెళ్ల లోపల ఉండేలా తెలుపుతో నింపండి. రేకులను మాత్రం Paths పనిముట్టుతో అంచు వెంట గీసి నింపండి. కాడల జోలికి పోవద్దు, వాటికి పై లేయర్ చాలు.

కాడలు నిజంగా మిగిలాయా అన్నది కంటితో కాకుండా ఇలా తేల్చుకోండి. మెజెంటా బదులు కింద తెలుపు లేయర్ పెట్టి, అన్నిటికీ పైన సమం చేసిన లేయర్ మరో నకలును Difference మోడ్‌లో ఉంచండి. పోగొట్టింది ఏదీ లేకపోతే తెర అంతా దాదాపు నల్లగా ఉంటుంది. తుడిచిన మచ్చలు చుక్కల్లా, అంచులు లీలగా కనిపించడం సహజం. ఒక కాడ పొడవునా వెలుగు గీత కనిపిస్తే ఆ కాడ తుడిచిపెట్టుకుపోయిందని అర్థం, మాస్క్‌లో అక్కడికి వెళ్లి చూడండి. అన్ని కాడలూ ఒకేలా మెరుస్తుంటే తప్పు మాస్క్‌లో లేదు, లేయర్‌ను కలిపే లెక్కలో ఉంది. మొక్క లేయర్ మీద కుడి మీట నొక్కి Composite Space ను RGB (perceptual) కు మార్చండి. మారిస్తే కాడల మందం స్కాన్‌లో ఉన్నంతకు తిరిగి వస్తుంది.

నూగు గురించి ముందే చెప్పాలి. కాండం మీది ఒక్కో వెంట్రుక 600 డీపీఐలో ఒక పిక్సెల్ వెడల్పు కూడా ఉండదు, పైగా తెల్లగా ఉంటుంది. తెల్ల కాగితం మీద తెల్లని నూగును ఏ పద్ధతీ విడదీయలేదు. మీ ముదురు ఆకుపచ్చ మీద కాండం నున్నగా కనిపిస్తుంది, విష్ణుక్రాంతకు అది గుర్తింపు లక్షణం కాబట్టి లోటే. నూగు తప్పనిసరి అనుకుంటే షీటుకు అంటించని మరో కొమ్మను ఆరబెట్టి, వెనుక నల్ల కాగితం వేసి స్కాన్ చేయండి. అప్పుడు పద్ధతి అంతా ఇదే, భాగించే అడుగు ఉండదు, Color to Alpha లో తెలుపు బదులు ఆ నల్ల కాగితం రంగు ఇవ్వాలి. అయితే ముదురు కాడలు అక్కడ బలహీనపడతాయి, కాబట్టి పత్రిలోని మిగతా మొక్కలకు తెల్ల కాగితమే వాడండి. గరికకు పైన చెప్పిన అంకెలు దాదాపు అలాగే సరిపోతాయి, దాని కణుపుల దగ్గర మాత్రం నీడ చూసుకోండి.

చివర ఎగుమతి. ఫలకం అచ్చుకు వెళ్తుంది కాబట్టి జింప్ ఫైలును ఎక్స్‌సీఎఫ్‌గా దాచుకుని, పీఎన్‌జీగా ఎగుమతి చేయండి. కొలత తగ్గించాలంటే ఆఖరున, లేయర్లన్నీ కలిపాక, ఒకే ఒక్కసారి తగ్గించండి. చీటీ, సేకరించిన తేదీ, ఊరు కనిపించే అసలు టిఫ్‌ను ముట్టుకోకుండా వేరే ఫోల్డరులో ఉంచండి. కాగితం తీసేసిన బొమ్మలో ఆ వివరాలు ఉండవు కాబట్టి ఫైలు పేరులోనే షీటు సంఖ్య రాయండి.